అడ్వాన్సు కట్టాం సరే, సర్దుబాటు చేశామా?

గుంటూరులో ఒక మిర్చి కోల్డ్ స్టోరేజీ కంపెనీ డీజిల్ జనరేటర్ కొంటోందనుకుందాం. ధర 20 లక్షలు. దాని మీద 18 శాతం జీఎస్టీ 3 లక్షల 60 వేలు. మొత్తం 23 లక్షల 60 వేలు. ఆర్డరుతో పాటే ధరలో 30 శాతం ముందుగా కట్టాలన్నది అమ్మేవాళ్ల షరతు కాబట్టి 6 లక్షలు అడ్వాన్సు పంపారు. రెండు నెలలకు జనరేటర్ వచ్చింది, వెంట బిల్లూ వచ్చింది. అకౌంట్స్ విభాగం వాళ్లు బిల్లు ఎక్కించారు. గడువు దగ్గరపడగానే కంప్యూటర్ చెల్లింపుల జాబితా తయారుచేసింది. అందులో ఈ సరఫరాదారు పేరుకు ఎదురుగా 23,60,000 అని పడింది.

ఎవరూ ఆపకపోతే ఆ డబ్బంతా బ్యాంకు నుంచి వెళ్లిపోతుంది. కట్టాల్సింది 17 లక్షల 60 వేలే. 6 లక్షలు రెండోసారి కట్టినట్టు.

ఇందులో కంప్యూటర్ తప్పేమీ లేదు. కంపెనీ వ్యాపారం మొత్తాన్ని, అంటే కొనుగోళ్లు, స్టాకు, అమ్మకాలు, లెక్కలు అన్నిటినీ ఒకే చోట నడిపే ఈఆర్పీ సాఫ్ట్‌వేర్‌కు అడ్వాన్సు ఒక సంగతి, బిల్లు ఇంకో సంగతి. ఆ రెండూ ఒకే జనరేటర్ తాలూకువని దానికి మనం చెప్పాలి. అలా చెప్పడాన్నే అకౌంటెంట్లు అడ్వాన్సు క్లియర్ చేయడం అంటారు. అడ్వాన్సు కట్టేటప్పుడు ఉన్న శ్రద్ధ ఈ క్లియరింగ్ దగ్గరికి వచ్చేసరికి చాలా ఆఫీసుల్లో కనబడదు. లెక్కలు అక్కడే తేడా పడతాయి.

అడ్వాన్సు బాకీ తీర్చడం కాదు

6 లక్షలు పంపిన రోజున కోల్డ్ స్టోరేజీ కంపెనీ ఎవరికీ ఏమీ బాకీ లేదు. జనరేటర్ రాలేదు, బిల్లు రాలేదు. కాబట్టి ఆ డబ్బు బాకీ తీర్చినట్టు కాదు. నిజానికి ఆ రోజు నుంచి సరఫరాదారే మనకు బాకీ. సరుకైనా ఇవ్వాలి, డబ్బైనా తిరిగివ్వాలి. అందుకే కొన్నవాళ్ల పుస్తకాల్లో అది ఆస్తి. అమ్మినవాళ్ల పుస్తకాల్లో అదే 6 లక్షలు అప్పు. వాళ్లకు డబ్బు చేతికొచ్చింది గానీ అమ్మకం ఇంకా జరగలేదు.

ఈ తేడాను పట్టించుకోకుండా అడ్వాన్సును సరఫరాదారు మామూలు ఖాతాలోనే రాశారనుకోండి. కంపెనీ మిగతా సరఫరాదారులకు 50 లక్షలు బాకీ ఉంటే, ఈ 6 లక్షలు అందులోంచి తగ్గిపోయి మొత్తం బాకీ 44 లక్షలుగా కనిపిస్తుంది. బాకీ నిజంగా 50 లక్షలే. ఒకరి దగ్గర మనకున్న డబ్బుతో ఇంకొకరి బాకీ తీరదు కదా. అందుకే 2013 కంపెనీల చట్టంలోని మూడో షెడ్యూలు ప్రకారం బ్యాలెన్స్ షీట్‌లో సరఫరాదారులకు ఇవ్వాల్సినది ఒక చోట, వాళ్లకు ఇచ్చిన అడ్వాన్సులు వేరే చోట చూపించాలి. జనరేటర్ లాంటి స్థిరాస్తి కోసం ఇచ్చినదైతే దాన్ని క్యాపిటల్ అడ్వాన్సుగా విడిగా చూపాలి. కస్టమర్ల దగ్గర తీసుకున్న అడ్వాన్సులు కూడా రావాల్సిన బాకీల్లో కలవకుండా అప్పుల వైపు ఉండాలి.

తెర మీద జరిగేది

పెద్ద కంపెనీల్లో విస్తృతంగా వాడే శాప్ సాఫ్ట్‌వేర్‌లో మన జనరేటర్ అడ్వాన్సు ఎలా నడుస్తుందో చూద్దాం. మిగతా ఈఆర్పీల్లో తెరలు మారతాయి గానీ పద్ధతి దాదాపు ఇదే.

మొదటి మెట్టు, అడ్వాన్సు ఇవ్వమని కోరడం. కొనుగోలు విభాగం నుంచి కబురు రాగానే అకౌంటెంట్ `F-47` అనే తెర తెరిచి సరఫరాదారు నంబరు, 6,00,000 అన్న మొత్తం, ఎప్పటికి కట్టాలో ఆ తేదీ, కొనుగోలు ఆర్డరు నంబరు నింపుతారు. ఇది గుర్తుకోసం రాసుకున్న పద్దు మాత్రమే. దీనివల్ల ఏ ఖాతాలోనూ పైసా కదలదు. చెల్లింపుల జాబితా తయారయ్యేటప్పుడు ఈ మొత్తం కూడా ఉందని సాఫ్ట్‌వేర్‌కు తెలియడానికే ఇది.

రెండో మెట్టు, చెల్లింపు. `F-48` తెర మీద నేరుగా అయినా, `F110` అనే ఆటోమేటిక్ చెల్లింపుల కార్యక్రమం ద్వారా అయినా డబ్బు వెళుతుంది. ఈ రెండో మెట్టులో అసలు కీలకం ఒక్క అక్షరంలో ఉంది. `Special G/L Indicator` అనే గడిలో A అని ఉండాలి. ఆ అక్షరం ఉంటే పద్దు సరఫరాదారు పేరు మీదే పడుతుంది గానీ, జనరల్ లెడ్జర్‌లో మామూలు బాకీల ఖాతాకు పోకుండా అడ్వాన్సుల ఖాతాకు పోతుంది. బాకీలూ అడ్వాన్సులూ వేర్వేరుగా ఉండాలని చట్టం కోరేది ఆ ఒక్క అక్షరంతో దానంతటదే నెరవేరుతుంది.

మూడో మెట్టు, బిల్లు. జనరేటర్ వచ్చాక `MIRO` తెర మీద బిల్లు ఎక్కిస్తారు. సరఫరాదారు మామూలు ఖాతాలో 23,60,000 క్రెడిట్ పడుతుంది, అంటే ఇప్పుడు మనం నిజంగా బాకీ పడ్డాం. అడ్వాన్సు కట్టినప్పుడు ఆర్డరు నంబరు సరిగా ఇచ్చి ఉంటే, ఈ ఆర్డరు మీద అడ్వాన్సు ఉంది చూసుకోండని తెర కింద ఒక సూచన వస్తుంది. ఎంటర్ నొక్కితే అది పోతుంది. రోజుకు వంద బిల్లులు ఎక్కించే చేయి ఆ సూచనను చదవకుండానే ఎంటర్ నొక్కేస్తుంది.

ఇప్పుడు సరఫరాదారు పేరు మీద రెండు పద్దులు పక్కపక్కనే ఉన్నాయి. A గుర్తుతో 6 లక్షల డెబిట్ ఒకటి, ఏ గుర్తూ లేని 23 లక్షల 60 వేల క్రెడిట్ ఒకటి. `F110` కార్యక్రమం A గుర్తున్న పద్దులను కూడా చూడాలని కంపెనీ సెట్టింగుల్లో చెప్పి ఉంటే తప్ప, అది మామూలు ఖాతాను మాత్రమే చూస్తుంది. అందుకే మొదట్లో చూసిన జాబితాలో బిల్లు మొత్తం పూర్తిగా పడింది.

F-54 చేసే పని

నాలుగో మెట్టే క్లియరింగ్. దానికి వాడే తెర `F-54`. సరఫరాదారు నంబరూ, ఏ బిల్లుకు సర్దాలో ఆ బిల్లు డాక్యుమెంటు నంబరూ ఇస్తే ఆ పేరు మీద మిగిలి ఉన్న అడ్వాన్సుల జాబితా వస్తుంది. అందులో మన 6 లక్షల పద్దును ఎంచుకుని, ఎంత సర్దాలో రాసి, సేవ్ చేస్తారు.

ఇక్కడ చాలామంది ఒక పొరపాటు అభిప్రాయంతో ఉంటారు. `F-54` చేయగానే బిల్లులోంచి 6 లక్షలు కొట్టివేయబడి 17 లక్షల 60 వేలు మిగులుతుందనుకుంటారు. నిజానికి అది చేసేది బదిలీ మాత్రమే. A గుర్తున్న అడ్వాన్సు పద్దు మూసుకుపోతుంది. దాని బదులు సరఫరాదారు మామూలు ఖాతాలో, మన బిల్లు నంబరును పట్టుకుని, 6 లక్షల డెబిట్ పద్దు కొత్తగా పుడుతుంది. బిల్లు 23 లక్షల 60 వేలుగానే ఉంటుంది, దాని పక్కన 6 లక్షల డెబిట్ కూర్చుంటుంది. రెండూ ఇంకా తెరిచే ఉంటాయి. తర్వాతి చెల్లింపుల్లో `F110` రెండిటినీ కలిపి తీసుకుని, తేడా 17 లక్షల 60 వేలు కట్టి, మూడు పద్దులనూ ఒకేసారి మూసేస్తుంది.

క్లియర్ చేశాక కూడా బిల్లు తెరిచే ఉందేమిటని కంగారుపడి రెండోసారి చేయబోయేవాళ్లు ఉంటారు. ఇది తెలిస్తే ఆ కంగారు ఉండదు. బిల్లు నంబరు తప్పు ఇస్తే వచ్చే చిక్కు కూడా దీనితోనే అర్థమవుతుంది. ఆ 6 లక్షల డెబిట్ వేరే బిల్లుకు అంటుకుని, దాని గడువుతో పాటు కదులుతుంది. చివరి చెల్లింపు జరిగిపోయాక తప్పు బయటపడితే, ముందు `FBRA`తో ఆ క్లియరింగును విప్పి, తర్వాత `FB08`తో బదిలీని రద్దు చేసి, మళ్లీ మొదటి నుంచి చేయాలి.

అమ్మినవాళ్ల వైపు

జనరేటర్ అమ్మిన కంపెనీలో ఇదే కథ అద్దంలో చూసినట్టు జరుగుతుంది. అక్కడ అడ్వాన్సు కోరే తెర `F-37`, డబ్బు వచ్చినట్టు రాసేది `F-29`, బిల్లుకు సర్దేది `F-39`. వచ్చిన 6 లక్షలు A గుర్తుతో కస్టమర్ పేరు మీద క్రెడిట్ అయి, లెడ్జర్‌లో కస్టమర్ అడ్వాన్సుల ఖాతాకు, అంటే అప్పుల వైపుకు పోతాయి. అమ్మకం లెక్క మాత్రం జనరేటర్ మీద హక్కూ బాధ్యతా కొన్నవాళ్లకు చేరినప్పుడే పుడుతుంది. మార్చి 31లోపు అడ్వాన్సు వచ్చి ఏప్రిల్‌లో సరుకు వెళితే, ఆ 6 లక్షలు పాత సంవత్సరపు ఆదాయంలో ఉండకూడదు.

ఇటువైపు క్లియర్ చేయకపోతే డబ్బు రెండుసార్లు పోదు గానీ, మర్యాద పోతుంది. కస్టమర్ 17 లక్షల 60 వేలు కట్టేశారు. మామూలు ఖాతాలో బిల్లు 23 లక్షల 60 వేలు. వసూళ్ల విభాగం వాళ్లు జాబితా తీస్తే 6 లక్షలు ఇంకా రావాలి అని కనిపిస్తుంది. అరవై రోజులు దాటిందని ఫోన్ చేస్తారు. అవతలివాళ్లు అడ్వాన్సు రసీదు చూపిస్తారు. ఇద్దరూ నిజమే చెబుతున్నారు. తేడా వచ్చింది తెర మీద ఒక చిన్న గడి దగ్గర. సరఫరాదారు పద్దులు చూపే `FBL1N`లో గానీ, కస్టమర్ పద్దులు చూపే `FBL5N`లో గానీ `Special G/L transactions` అనే గడిలో టిక్ పెట్టకపోతే అడ్వాన్సులు జాబితాలోకే రావు. వేరే కంపెనీతో ఖాతా సరిచూసుకోవడానికి స్టేట్‌మెంట్ పంపే ముందు ఆ టిక్ ఉందో లేదో చూడటం ఒక్క క్షణం పని.

పన్నులు ఎక్కడ తగులుతాయి

సరుకు విషయంలో జీఎస్టీ సులువు. 2017 నవంబరు 15న వచ్చిన 66/2017 సెంట్రల్ ట్యాక్స్ నోటిఫికేషన్ తర్వాత, కాంపొజిషన్ పథకంలో లేని వ్యాపారులు సరుకుల కోసం తీసుకున్న అడ్వాన్సు మీద అప్పుడే పన్ను కట్టనక్కర్లేదు. బిల్లు వేసినప్పుడు కడితే చాలు. మన 6 లక్షలు ఈ కోవలోవే.

సేవలకు ఈ వెసులుబాటు లేదు. అదే కంపెనీ జనరేటర్ నిర్వహణకు ఏడాది ఒప్పందం కుదుర్చుకుని పన్నుతో కలిపి 1,18,000 ముందుగా తీసుకుందనుకోండి. డబ్బు వచ్చినప్పుడే రిసీట్ వోచర్ ఇచ్చి, ఆ నెల లెక్కలో 18,000 పన్ను కట్టాలి. జీఎస్టీఆర్-1లో అది 11ఏ పట్టికలో చూపుతారు. తర్వాత బిల్లు వేసినప్పుడు, ముందు కట్టిన పన్నును 11బీ పట్టికలో తగ్గించుకుంటారు. ఆ తగ్గింపుకు అంకెలు వచ్చేది ఈఆర్పీలో జరిగిన క్లియరింగు నుంచే. క్లియర్ చేయకపోతే 11బీలోకి ఏమీ రాదు, అదే 18,000 రెండుసార్లు కట్టినట్టవుతుంది. కొన్నవాళ్లకు మాత్రం రిసీట్ వోచర్ మీద ఇన్‌పుట్ క్రెడిట్ రాదు. సేవ అందాలి, అసలు బిల్లు చేతికి రావాలి.

కాంట్రాక్టు పనుల టీడీఎస్‌లో ఇంకో మెలిక ఉంది. ఖాతాలో రాయడం, డబ్బు ఇవ్వడం, ఈ రెండిట్లో ఏది ముందు జరిగితే అప్పుడే కోయాలన్నది నియమం. ఒక కాంట్రాక్టు కంపెనీకి 4 లక్షల పని ఇచ్చి లక్ష అడ్వాన్సు ఇస్తే, 2 శాతం చొప్పున 2,000 అప్పుడే కోసి 98,000 పంపుతారు. బిల్లు వచ్చాక మిగిలిన 3 లక్షల మీద 6,000 కోస్తే సరిపోతుంది. అడ్వాన్సు సంగతి బిల్లుకు తెలియకపోతే మళ్లీ 4 లక్షల మీద 8,000 కోస్తారు, కాంట్రాక్టరు దగ్గర 2,000 ఎక్కువ పట్టినట్టు. ఇక్కడ గుర్తుంచుకోవాల్సింది, బిల్లుకు సర్దాల్సిన మొత్తం 1,00,000. బ్యాంకు నుంచి వెళ్లిన 98,000 కాదు.

కొన్నవాళ్లకు ఇంకో ప్రమాదం నెమ్మదిగా వస్తుంది. ఎవరో జాగ్రత్తపరుడు అడ్వాన్సు గుర్తుపెట్టుకుని, క్లియర్ చేయకుండా చేత్తో 17 లక్షల 60 వేలు మాత్రమే పంపారనుకోండి. డబ్బు లెక్క సరిగ్గానే ఉంది. పుస్తకాల్లో మాత్రం బిల్లులో 6 లక్షలు ఇంకా కట్టనట్టే ఉంటుంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లోపు సరఫరాదారుకు డబ్బు చెల్లించకపోతే ఆ మేరకు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి ఇవ్వాలని జీఎస్టీ చట్టం చెబుతుంది. 180 రోజులు దాటిన బిల్లుల రిపోర్టులో ఈ బిల్లు తేలుతుంది. నిజంగా కట్టిన డబ్బుకు కట్టనట్టు క్రెడిట్ వదులుకునే పరిస్థితి వస్తుంది.

సరుకు విడతలుగా వస్తే

ఒక్క జనరేటర్ అయితే లెక్క తేలిక. అదే 6 లక్షలు, ఒక్కోటి 5 లక్షల చొప్పున నాలుగు యంత్రాల ఆర్డరు మీద ఇచ్చి, అవి నెలకొకటి వస్తే ఎలా? మొదటి బిల్లులోనే 6 లక్షలూ సర్దేస్తే ఆ బిల్లు, పన్నుతో కలిపి 5 లక్షల 90 వేలు, మొత్తం తీరిపోయి సరఫరాదారుకు ఆ నెల ఏమీ వెళ్లదు. పది వేలు అడ్వాన్సుగానే మిగులుతాయి. ఒప్పందంలో ప్రతి బిల్లులో ధరకు 30 శాతం చొప్పున తగ్గించాలని రాసి ఉంటే, ఒక్కో బిల్లుకు లక్షన్నర సర్దాలి. `F-54`లో ఎంత సర్దాలో ఆ అంకె మనమే రాయాలి. ఆ అంకె ఎంతో అకౌంటెంట్‌కు తెలియాలంటే షరతు ఆర్డరులోనే స్పష్టంగా ఉండాలి. బిల్లు వచ్చాక కొనుగోలు విభాగానికి ఫోన్ చేసి కనుక్కోవాల్సి వస్తే, ఆ ఫోన్ జరిగే లోపే చెల్లింపుల జాబితా వెళ్లిపోతుంది.

చిన్న సంస్థల్లో

ట్యాలీ వాడే దుకాణాలకూ, చిన్న పరిశ్రమలకూ ఈ చిక్కు ఉంది, దారీ ఉంది. బిల్‌వారీ వివరాలు ఆన్ చేసుకుంటే, డబ్బు ఇచ్చినప్పుడు `Advance` అని ఎంచుకుని దానికో పేరు పెట్టవచ్చు. బిల్లు ఎక్కించేటప్పుడు `Agst Ref` ఎంచుకుని ఆ పేరు చూపితే అంత మేరకు సర్దుబాటవుతుంది, మిగిలినది `New Ref`గా నిలుస్తుంది. తొందరలో `On Account` అని వదిలేసినవే తర్వాత తలనొప్పి. డబ్బు ఖాతాలో ఉంటుంది, ఏ బిల్లుదో ఎవరికీ తెలియదు. మన దేశంలో తయారై, ఉచితంగా దొరికే ఈఆర్పీనెక్స్ట్‌లో అయితే కొనుగోలు బిల్లులోనే `Get Advances Paid` అనే బటన్ ఉంది. నొక్కితే ఆ సరఫరాదారుకు ఇచ్చి ఇంకా సర్దని అడ్వాన్సులు బిల్లులోకి వస్తాయి. మరిచిపోతే `Payment Reconciliation` తెరలో తర్వాత కూడా కలపవచ్చు.

ఎలా పట్టుకోవాలి

క్లియర్ కాని అడ్వాన్సులను పట్టుకోవడానికి పెద్ద ఆడిట్ అక్కర్లేదు. నెలాఖరున అడ్వాన్సుల ఖాతాలో తెరిచి ఉన్న పద్దులన్నీ తీయాలి. వాటిలో ఏ సరఫరాదారుకైతే, అదే ఆర్డరు మీద బిల్లు కూడా ఎక్కి ఉందో, అవి విడిగా రాసుకోవాలి. ఆ జాబితాలో ఉన్న ప్రతి పేరూ క్లియర్ చేయడం మరిచిపోయినదే, లేదా విడతల లెక్కలో మిగిలినదే. రెండిట్లో ఏదో ఆర్డరు చూస్తే తెలుస్తుంది.

రెండో జాబితా, అడ్వాన్సు ఉండి బిల్లే రానివి. వీటిలో రద్దయిన ఆర్డర్లు ఉంటాయి. సరఫరాదారు డబ్బు వెనక్కి పంపినా, బ్యాంకు పద్దు రాసేవాళ్లు దాన్ని మామూలు ఖాతాలో జమ చేసి ఉండవచ్చు. అప్పుడు అడ్వాన్సు ఒక చోట, వాపసు ఇంకో చోట ఎప్పటికీ తెరిచే ఉంటాయి. అమ్మేవాళ్లకైతే ఈ జాబితా ఇంకా బరువైనది. కంపెనీల డిపాజిట్ల నిబంధనలు, 2014 ప్రకారం సరుకు లేదా సేవ కోసం తీసుకున్న అడ్వాన్సును సాధారణంగా 365 రోజుల్లోపు ఆ సరఫరాకు సర్దకపోతే అది డిపాజిట్‌గా లెక్కలోకి వస్తుంది. డిపాజిట్లు తీసుకోవడానికి అనుమతి లేని కంపెనీకి అది చట్టపరమైన చిక్కు. సరుకు ఎప్పుడో వెళ్లిపోయి, కేవలం `F-39` చేయనందువల్ల అడ్వాన్సు పాతబడి కనిపించినా, వివరణ ఇచ్చుకోవాల్సింది కంపెనీయే.

ఇవన్నీ చూశాక ఒక్క నిర్ణయం కంపెనీలు తీసుకోవాలని గట్టిగా అనిపిస్తుంది. క్లియరింగు సంవత్సరాంతపు పని కాకూడదు, వేరే ఎవరి పనీ కాకూడదు. బిల్లు ఎక్కించేవాళ్లే ఆ రోజే, ఆ కుర్చీలోంచి లేవకుండానే చేయాలి. అప్పుడు వాళ్ల ముందు బిల్లు ఉంటుంది, ఆర్డరు ఉంటుంది, అడ్వాన్సు ఎంతో తెర చెబుతూ ఉంటుంది. మూడు నెలల తర్వాత ఇంకొకరు చేయాలంటే ఈ మూడింటినీ మళ్లీ వెతికి పట్టుకోవాలి. అడ్వాన్సు ఉన్న ఆర్డరు మీది బిల్లు క్లియరింగు అయ్యేదాకా చెల్లింపుకు పోకుండా దాని మీద పేమెంట్ బ్లాక్ పెట్టే వీలు కూడా శాప్‌లో ఉంది. ఆ బ్లాక్ ఒక్కటి ఉండి ఉంటే మన కోల్డ్ స్టోరేజీ చెల్లింపుల జాబితాలో 23,60,000 అన్న అంకె పడేదే కాదు.